అన్నీ 90 నంబరే అనుకుంటే: ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కింద ఏ ఆయిల్ ఎందుకు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, పొట్టంగి ప్రాంతాల్లో మన తెలుగువాళ్ళ దగ్గర పాత ఫోర్‌వీల్ డ్రైవ్ ఎస్‌యూవీలు చాలానే ఉన్నాయి. కొండ ఊళ్ళలో పనులు చేయించే కాంట్రాక్టర్లకూ, ఘాట్ రోడ్ల మీద తిరిగే వ్యాపారులకూ అవే ఆధారం. వీళ్ళంతా ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో తారీఖుతో సహా చెబుతారు. బండి కిందనున్న మిగతా మూడు పెట్టెల సంగతి మాత్రం మేస్త్రీకి వదిలేస్తారు. మలుపులో రెండు పక్కల చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ముందు ఇరుసు మధ్యలో ఒకటి, వెనుక ఇరుసు మధ్యలో ఇంకొకటి, శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సు వెనకాల: ఇవీ ఆ మూడు. మేస్త్రీ షాపుకు మనిషిని పంపి "90 నంబరు ఆయిల్ ఐదు లీటర్లు" అని తెప్పిస్తాడు, మూడింట్లోనూ అదే పోస్తాడు. చాలా బండ్లలో దీనివల్ల వెంటనే ఏ తేడా కనిపించదు. కొన్నింట్లో మాత్రం వారం తిరగకముందే కనిపిస్తుంది. అలా కనిపించిన ఒక బండి విషయం వివరంగా చెబుతాను. ఆయిల్ డబ్బా మీద రాసే అంకెలకూ అక్షరాలకూ అర్థం దానితోనే తేలికగా తెలుస్తుంది.

బండి గుణుపురంలో ఉండే మా బావగారిది. పదేళ్ళు దాటింది. మామూలుగా వెనుక చక్రాలతో నడుస్తుంది, అవసరమైనప్పుడు డ్యాష్‌బోర్డు మీది స్విచ్చు తిప్పితే ముందు చక్రాలకూ శక్తి అందుతుంది. వెనుక ఇరుసులో, ఒక చక్రమే జారి తిరిగిపోకుండా లోపలి పలకలతో కొంత అడ్డుకునే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది. మన మేస్త్రీలు దాన్ని ఎల్ఎస్‌డీ అంటారు. వానాకాలానికి ముందు ఒక గ్యారేజీలో మూడు పెట్టెల ఆయిలూ మార్పించారు. ఆ తర్వాత నాలుగైదు రోజులకు, బండి బాగా తిరిగి వేడెక్కాక, సందు మలుపుల్లో మెల్లగా తిప్పుతుంటే వెనకనుంచి గరగరమని చప్పుడు, దానితోపాటు సీటు కింద చిన్న చిన్న కుదుపులు మొదలయ్యాయి. తిన్నగా వెళ్తే ఏమీ లేదు. వేగంగా తిరిగినా లేదు. ఇంటి గేటులోకి తిప్పేటప్పుడో, పెట్రోలు బంకులో మళ్ళేటప్పుడో మాత్రమే వచ్చేది. క్రౌన్ పినియన్ పోయిందని, ఇరుసు విప్పాలని ఒకరు చెప్పారట. విప్పించకముందే మా బావగారు నాకు ఫోన్ చేశారు.

ఇలాంటి ఫిర్యాదు వినగానే మొదట అడగాల్సిన ప్రశ్న, స్విచ్చు ఏ స్థానంలో ఉందని. ఇలాంటి బండ్లలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ డిఫరెన్షియల్ ఉండదు. స్విచ్చును నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే 4హెచ్‌లో పెడితే రెండు ఇరుసులూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగాలి. కానీ మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టి రోడ్డయితే టైర్లు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటాయి. పొడి తారు మీద జారలేవు కనుక షాఫ్టులు మెలిపడి, ఒక్కసారిగా వదిలించుకుంటాయి. ఆ కుదుపు కూడా ఎల్ఎస్‌డీ గరగరలాగే ఉంటుంది. అందుకే స్విచ్చును వెనుక చక్రాలకే శక్తినిచ్చే 2హెచ్‌లో పెట్టి అదే మలుపు మళ్ళీ తిప్పి చూడాలి. బావగారి బండిలో 2హెచ్‌లోనూ చప్పుడు వచ్చింది. అంటే దోషం వెనుక ఇరుసులోనే ఉంది.

రెండో ప్రశ్న టైర్ల గురించి. వెనుక ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క అరిగిన టైరు ఉంటే వాటి చుట్టుకొలతలు వేరు. తిన్నగా వెళ్తున్నా రెండు చక్రాల వేగం ఒకటి కాదు. మామూలు డిఫరెన్షియల్ దాన్ని పట్టించుకోదు. ఎల్ఎస్‌డీలోని పలకలు మాత్రం ప్రతి కిలోమీటరూ ఒకదానిమీద ఒకటి రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కి అరిగిపోతాయి. ఎల్ఎస్‌డీ ఉన్న ఇరుసుకు టైర్లు జతగా మార్చాలి, గాలి కూడా సమానంగా ఉండాలి. ఈ బండి టైర్లు రెండూ ఒకే వయసువి. కాబట్టి మిగిలింది ఆయిల్.

పోసిన డబ్బాలు గ్యారేజీలో ఇంకా ఉన్నాయి. "90 నంబరే పోశాను బాబూ, మంచి కంపెనీదే, సీలు విప్పి మీ ముందే పోశాను" అన్నాడు మేస్త్రీ. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. డబ్బా మీద 80డబ్ల్యూ-90, జీఎల్-5 అని స్పష్టంగా ఉంది. ఆయిల్ నకిలీది కాదు, నాసిరకమూ కాదు. కానీ ఆ ఇరుసుకు కావలసిన మూడో లక్షణం అందులో లేదు. చిక్కదనం మొదటిది, పళ్ళను కాపాడే రసాయనం రెండోది, పలకల రాపిడిని అదుపు చేసే రసాయనం మూడోది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. "90 నంబరు" అన్న మాట మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది.

చిక్కదనం

గేర్ ఆయిల్ చిక్కదనానికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన కొలమానం ఇంజిన్ ఆయిల్ కొలమానం కాదు. 90 గేర్ ఆయిల్ వేడిమీద ఉన్నప్పుడు 40 లేదా 50 గ్రేడు ఇంజిన్ ఆయిలంత చిక్కగా మాత్రమే ఉంటుంది. పెద్ద అంకె చూసి చాలా మందమైనదని భ్రమపడతాం కానీ కొలబద్ద వేరు, అంతే. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్సుల మధ్య ఉండే ఆయిల్‌ను 90 అంటారు. 140 అంటే 24 నుంచి 32.5 మధ్య ఉండాలి.

డబ్ల్యూతో రాసే మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత గట్టిపడుతుందో చెబుతుంది. 85డబ్ల్యూ ఆయిల్ సున్నాకు దిగువన 12 డిగ్రీల వరకు, 80డబ్ల్యూ 26 డిగ్రీల వరకు, 75డబ్ల్యూ 40 డిగ్రీల వరకు గేర్లకు అందేంత పలచగా ఉండాలి. మన ప్రాంతానికి ఈ లెక్క ఎంత అవసరమో ఆలోచించండి. దేవమాలి కొండ ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైనది లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వణుకు పుడుతుంది కానీ సున్నాకు దిగువన 12 డిగ్రీల చలి మాత్రం ఎన్నడూ ఉండదు. కనుక కేవలం చలి కోసం 75డబ్ల్యూ ఆయిల్‌కు ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు. 75డబ్ల్యూ-90 ఆయిళ్ళు ఎక్కువగా సింథటిక్‌వి, వేడికి త్వరగా చెడవు. కొనాలనుకుంటే ఆ కారణంతో కొనవచ్చు.

రెండో అంకె విషయంలో ఇక్కడ జాగ్రత్త కావాలి. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి దాకా సరుకుతో, వైశాఖ మాసంలో వెళ్ళే బండి వెనుక ఇరుసు బాగా కాలుతుంది. ఆ వేడిలో ఆయిల్ పలచబడినా పళ్ళ మధ్య పొర తెగకూడదు. బరువు లాగే వాడకానికి, ఎండ ప్రాంతాలకు కొందరు తయారీదారులు 85డబ్ల్యూ-140ను అనుమతిస్తారు. మీ బండి పుస్తకంలో అలా రాసి ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. లేకపోతే 90 దగ్గరే ఆగడం మేలు. చిక్కని ఆయిల్‌ను చిలకడానికి ఇంధనం ఖర్చవుతుంది. ఇరుసు మూలుగుతోందని 140 పోయించి చప్పుడు తగ్గగానే బాగైపోయిందనుకోవడం ఇంకా ప్రమాదం. అరిగిన పళ్ళు అరిగినట్టే ఉంటాయి, వాటి చప్పుడు వినపడదు, అంతే.

జీఎల్-5 ఎందుకు, జీఎల్-4 ఎందుకు

డిఫరెన్షియల్‌లోని పినియన్ క్రౌన్ చక్రం మధ్యకు సూటిగా కాకుండా కాస్త కిందికి జరిగి కలుస్తుంది. దీన్ని హైపాయిడ్ అమరిక అంటారు. దీనివల్ల ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగుతుంది, పళ్ళు పెద్దవవుతాయి, చప్పుడు తగ్గుతుంది. కానీ పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడంతో సరిపెట్టుకోవు, గట్టి ఒత్తిడిలో జారుతాయి కూడా. ఆ జారుడులో మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. అప్పుడు కాపాడేది గంధకం, భాస్వరం సమ్మేళనాలు. పళ్ళు తాకే చోట పుట్టిన వేడికి అవి ఇనుముతో కలిసి పలచని రక్షణ పొరగా ఏర్పడతాయి. లోహం లోహానికి అతుక్కోకుండా ఆ పొరే అరుగుతూ, మళ్ళీ ఏర్పడుతూ ఉంటుంది. కొత్త గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటైన వాసన ఈ గంధకానిదే.

డబ్బా మీది జీఎల్ అంకె చెప్పేది ఈ రక్షణ స్థాయినే. ఈ సమ్మేళనాలు జీఎల్-4లో ఎంత ఉంటాయో జీఎల్-5లో సుమారు దానికి రెట్టింపు ఉంటాయి. హైపాయిడ్ డిఫరెన్షియల్‌కు జీఎల్-5 తప్పనిసరి. అలాగని ఎక్కువ రక్షణ ఎక్కడైనా మంచిదేనని గేర్‌బాక్సులో పోస్తే ఎదురుతిరుగుతుంది. గేరు మార్చేటప్పుడు గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగులు చాలా బండ్ల గేర్‌బాక్సుల్లో ఇత్తడివి. చురుకైన గంధకం రాగి మిశ్రమాలను తింటుంది. పైగా సింక్రో రింగు పని చేసేదే రాపిడితో, జీఎల్-5 అక్కడ ఉండకూడనంత జారుడునిస్తుంది, గేరు పడేటప్పుడు కరకరమంటుంది. పుస్తకంలో జీఎల్-4 అని ఉన్న చోట జీఎల్-4 మాత్రమే పోయాలి.

ముందు ఇరుసు గురించి చెప్పాల్సింది కొంచెమే. అందులో సాధారణంగా మామూలు డిఫరెన్షియలే ఉంటుంది. 80డబ్ల్యూ-90 జీఎల్-5 దానికి చాలు, ఇంకేమీ కలపనవసరం లేదు. బావగారి బండిలో గ్యారేజీ మేస్త్రీ పోసిన ఆయిల్ ముందు ఇరుసుకు పూర్తిగా సరైనదే.

పలకల సంగతి

మామూలు డిఫరెన్షియల్‌లో ఒక వెనుక చక్రం బురదలో జారితే శక్తి అంతా దానికే పోతుంది. రెండో చక్రం గట్టి నేల మీద ఉన్నా కదలదు. ఎల్ఎస్‌డీ దీన్ని కొంత అడ్డుకుంటుంది. పలకల రకంలో ఇరుసు గేర్ల వెనకాల పలుచని ఉక్కు పలకలు వరసగా ఉంటాయి. ఒక పలక గేరుతో తిరుగుతుంది, పక్క పలక పెట్టెతో తిరుగుతుంది. స్ప్రింగు వాటిని నొక్కి పట్టి ఉంచుతుంది. ఒక చక్రం ఎక్కువగా తిరగబోతే పలకల రాపిడి దాన్ని వెనక్కు లాగి, కొంత శక్తిని రెండో చక్రానికి మళ్ళిస్తుంది. బురదలో మనకు మేలు చేసే ఆ రాపిడే మలుపులో ఇబ్బంది కూడా. లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగాలతో తిరగాలంటే పలకలు ఒకదానిమీద ఒకటి మెల్లగా జారక తప్పదు.

ఇక్కడే ఆయిల్ పాత్ర వస్తుంది. ఏ రెండు లోహాలైనా కదలకుండా ఉన్నప్పుడు పట్టుకునే పట్టు, జారుతున్నప్పుడు ఉండే పట్టు కన్నా ఎక్కువ. మెల్లగా జారేటప్పుడు పలకలు ఒకసారి పట్టేసి, ఒత్తిడి పెరిగాక విడివడి, మళ్ళీ పట్టేస్తాయి. సుద్దముక్కను నల్లబల్ల మీద నిటారుగా పట్టి లాగితే కీచుమంటూ చుక్కల గీత పడుతుందే, అదే ఇక్కడ జరిగేది. సెకనుకు చాలాసార్లు జరిగే ఈ పట్టు-విడుపే బావగారి సీటు కింద గరగరగా తెలిసింది. మామూలు జీఎల్-5 ఆయిల్ దీన్ని ఆపలేదు. దానికి కావలసింది ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మరో రసాయనం. పొడవాటి అణువులు ఒక కొనతో లోహాన్ని అంటిపెట్టుకుని, రెండో కొన పైకి లేచి నిలబడతాయి. దానితో మెల్లని జారుడులో పట్టు తగ్గి, వేగం పెరిగేకొద్దీ కాస్త పెరుగుతుంది. పట్టేయడం, విడవడం అనేది పోయి పలకలు నున్నగా జారుతాయి. ఒకప్పుడు ఇలాంటి పనికి స్పెర్మ్ తిమింగలం నూనెను వాడేవారు. 1970ల తొలినాళ్ళలో అమెరికా దాన్ని నిషేధించాక కృత్రిమ సమ్మేళనాలు ఆ స్థానంలోకి వచ్చాయి.

మార్కెట్లో ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, ముందే కలిపి అమ్మే ఆయిల్. డబ్బా మీద గ్రేడు పక్కన ఎల్ఎస్ అనో లిమిటెడ్ స్లిప్ అనో రాసి ఉంటుంది. రెండోది, మామూలు జీఎల్-5లో కలుపుకునే చిన్న సీసా. ఒక ఇరుసుకు సాధారణంగా 100 నుంచి 120 మిల్లీలీటర్లు సరిపోతుంది, సరైన మోతాదు మాత్రం బండి పుస్తకంలోనూ సీసా మీదా చూసుకోవాలి. ఎల్ఎస్ ఆయిల్ కొన్నవాళ్ళు దానిలో మళ్ళీ సీసా పోయకూడదు. మాడిఫయర్ ఎక్కువైతే చప్పుడు ఉండదు నిజమే, కానీ పలకల పట్టు కూడా పోతుంది. బురదలో దిగినప్పుడు ఒక్క చక్రమే తిరుగుతూ, మీ ఎల్ఎస్‌డీ మామూలు డిఫరెన్షియల్‌గా మారిపోతుంది. దేనికోసం డబ్బు పెట్టి కొన్నారో అదే పోయినట్టు.

అన్ని ఎల్ఎస్‌డీలకూ ఇది అవసరం లేదన్నది కూడా తెలియాలి. పలకలు లేకుండా మరచుట్టు గేర్లతో పనిచేసే రకాలున్నాయి, వాటికి మామూలు జీఎల్-5 చాలు. స్విచ్చుతో తాళం వేసే డిఫరెన్షియల్‌కూ మాడిఫయర్ అక్కర్లేదు. తనంతట తాను తాళం పడే రకాల్లో కొన్నింటికి మాడిఫయర్ కలపవద్దని తయారీదారులే చెబుతారు. ఏ రకమో తెలియకుండా సీసా పోయడం మంచిది కాదు.

పాత బండి కొన్నవాళ్ళకు పుస్తకం దొరకకపోవచ్చు. అప్పుడు మొదట వెనుక ఇరుసు మీద, ఫిల్లర్ బోల్టు దగ్గర రేకు బిళ్ళ ఏదైనా ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. ఎల్ఎస్‌డీ ఆయిల్ మాత్రమే వాడాలన్న హెచ్చరిక అక్కడ ఉండే అవకాశం ఉంది. లేకపోతే చిన్న పరీక్ష చేయవచ్చు. సమతల నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి అడ్డాలు పెట్టి, వెనుక ఇరుసును జాకీతో లేపి, రెండు వైపులా స్టాండుల మీద నిలపాలి. జాకీ మీదే వదిలేసి ఎవరూ కిందికి వంగకూడదు. స్విచ్చు 2హెచ్‌లో, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అదే దిశలో, బరువుగా తిరిగితే పలకల ఎల్ఎస్‌డీ. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పలకలు బాగా అరిగిపోయిన ఎల్ఎస్‌డీ కూడా, మరచుట్టు గేర్ల రకం కూడా ఎదురు దిశలో తిరగవచ్చు. అదే దిశలో తిరిగితే నమ్మవచ్చు, ఎదురు తిరిగితే అంత గట్టిగా చెప్పలేం.

బావగారి బండిలో చక్రాలు రెండూ ఒకే దిశలో తిరిగాయి. ఇరుసు విప్పే పని మానుకుని ఆయిల్ మార్చాం. ఊళ్ళో ఎల్ఎస్ ఆయిల్ దొరకలేదు, విశాఖపట్నం నుంచి తెప్పించారు. ఆయిల్ వేడిగా ఉంటే మురికితో సహా బయటికి వస్తుంది కనుక బండిని కాసేపు తిప్పి తెచ్చాం. మొదట పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పాలి, ఆ తర్వాతే కిందనున్న డ్రెయిన్ బోల్టు. ఈ వరస మారితే కింద ఆయిలంతా పోయాక పై బోల్టు తుప్పుపట్టి రాలేదని తెలుస్తుంది, బండి అక్కడే నిలిచిపోతుంది. డ్రెయిన్ బోల్టు కొనకు అయస్కాంతం ఉంది. దాని మీద మెత్తటి నల్లని ముద్ద ఉంటే అది మామూలు అరుగుదలే, వేళ్ళ మధ్య రుద్దితే పొడి తగలకూడదు. గోటికి తగిలే ముక్కలు, పంటి తునకలు ఉంటే అప్పుడు ఇరుసు విప్పవలసిందే. ఇక్కడ ముద్ద మాత్రమే ఉంది.

కొత్త వాషరుతో బోల్టు బిగించి, ఫిల్లర్ రంధ్రం కింది అంచు నుంచి ఆయిల్ పొర్లే దాకా పోశాం. బండి సమతలంగా ఉన్నప్పుడు ఆ అంచే సరైన మట్టం. ఇంకాస్త ఉంటే మంచిదని బండిని ఒక పక్కకు లేపి నింపేవాళ్ళున్నారు. ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, ఇరుసు చివర సీలు దాటి బ్రేకు లైనింగుల మీదికి చేరుతుంది. ఘాట్ దిగే బండికి అంతకన్నా ప్రమాదం లేదు.

ఆయిల్ మార్చగానే చప్పుడు పోలేదు, అది సహజమే. పలకలు ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి కనుక వాటి నడుమ పాత ఆయిల్ పొర ఉండిపోతుంది. ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో, అటూ ఇటూ సమానంగా, మెల్లగా ఎనిమిది పది చుట్లు తిప్పాలి. పలకలు రెండు వైపులా జారి కొత్త ఆయిల్‌ను లోపలికి తీసుకుంటాయి. మైదానంలో చుట్లు పూర్తయ్యేసరికి కుదుపు బాగా తగ్గింది, ఆ వారంలోనే పూర్తిగా పోయింది. ఒకవేళ పోకపోతే, సీసా కలిపినవాళ్ళు తయారీదారు చెప్పిన పరిమితి లోపల ఇంకొంచెం కలపవచ్చు. అయినా తగ్గకపోతే పలకలు కాలి మెరుగెక్కాయని అర్థం, వాటిని మార్చాలి.

ఇక ట్రాన్స్‌ఫర్ కేస్. వెనుక ఇరుసుకు పోసిన డబ్బాలోదే ఇందులోనూ పోశారని తెలిశాక దీన్ని వదలడానికి నా మనసు ఒప్పలేదు. ట్రాన్స్‌ఫర్ కేసులు ప్రధానంగా రెండు రకాలు. మారుతీ జిప్సీలాంటి బండ్లలో గేర్లే గేర్లను తిప్పుతాయి. వాటికి గేర్ ఆయిలే కావాలి. స్విచ్చుతో మారే ఎస్‌యూవీల్లో ఎక్కువగా ఉండేది గొలుసు రకం. వెడల్పాటి ఉక్కు గొలుసు ముందు ఇరుసుకు శక్తినిస్తుంది. లోపల చిన్న పంపు ఒకటి అడుగునుంచి జల్లెడ ద్వారా ఆయిల్ తోడి పై బేరింగులకు అందిస్తుంది. ఈ రకానికి చాలామంది తయారీదారులు చెప్పేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఎర్రటి పలచని ఆయిల్. వేడిమీద దాని చిక్కదనం సుమారు 6 నుంచి 7.5 సెంటీస్టోక్సులు. 90 గేర్ ఆయిల్ దానికి రెట్టింపు చిక్కన, చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా ఎక్కువ. చలికాలం ఉదయాన ఆ చిన్న పంపు ఆయిల్‌ను సరిగా తోడలేదు, పై బేరింగులు పొడిగా తిరుగుతాయి. గొలుసు చిక్కని ఆయిల్‌ను చిలుకుతూ వేడెక్కుతుంది. 4హెచ్‌కు స్విచ్చు తిప్పితే డ్యాష్‌బోర్డు దీపం మిణుకుమిణుకుమంటుంది కానీ చాలాసేపటి దాకా ఎంగేజ్ కాదు. బావగారిని అడిగితే, అవును, ఈమధ్య దీపం ఆలస్యంగా నిలుస్తోందన్నారు.

పుస్తకంలో ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఏటీఎఫ్ అనే ఉంది. బోల్టు విప్పితే ఎర్రటి ఆయిల్ బదులు గంధకం వాసన వేసే తేనెరంగు ఆయిల్ వచ్చింది. మూలమూలనా మిగిలిన గేర్ ఆయిల్ ఒక్కసారి వంచితే పోదు. అందుకే ఏటీఎఫ్ నింపి, కొన్ని కిలోమీటర్లు తిప్పి, మధ్యలో మట్టి రోడ్డు మీద 4హెచ్‌లోకి, మళ్ళీ 2హెచ్‌లోకి మార్చి, అదీ వంచేసి, తాజాగా నింపాం. పట్టేది లీటరున్నర లోపే కనుక రెండుసార్లు నింపినా పెద్ద ఖర్చు కాదు. దీనికి ఎదురుగా జరిగే పొరపాటు కూడా ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే ఏటీఎఫ్ అని ఎక్కడో విని గేర్ల రకంలో అదే పోస్తే, ఆ పలచని పొర గేరు పళ్ళను కాపాడలేదు, కొద్ది రోజుల్లోనే మూలుగు మొదలవుతుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే కొన్ని బండ్ల ట్రాన్స్‌ఫర్ కేసుల్లో విద్యుత్‌తో పనిచేసే పలకల కట్ట ఉంటుంది. వాటికి తయారీదారు పేరు పెట్టి చెప్పిన ద్రవం తప్ప ఇంకేదీ పనికిరాదు.

మన కొండ దారుల్లో ఇవన్నీ సరిగ్గా చేసినా ఆయిల్‌ను పాడుచేసేది ఇంకొకటుంది, నీళ్ళు. ఘాట్ ఎక్కి వచ్చిన ఇరుసు 95 డిగ్రీల వేడిమీద ఉండి, 30 డిగ్రీల గెడ్డ నీళ్ళలో దిగిందనుకుందాం. లోపలి గాలి పూర్తిగా ఆ మేరకు చల్లబడితే దాని పీడనం ఆరో వంతుకు పైగా పడిపోతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఇరుసు పైనున్న బ్రీదర్ గుండా గాలి లోపలికి రావాలి. బ్రీదర్ అప్పటికి నీళ్ళలో మునిగి ఉంటే గాలికి బదులు నీళ్ళే వస్తాయి. బ్రీదర్ బురదతో మూసుకుపోతే సీళ్ళ అంచుల నుంచి పీలుస్తుంది. గెడ్డ దాటాల్సి వస్తే ఇవతలి గట్టున కాసేపు ఆగి ఇరుసు చల్లబడనివ్వడం మంచి అలవాటు. అంతకన్నా నమ్మకమైనది, బ్రీదర్ తీసి ఆ స్థానంలో గొట్టం బిగించి, దాని కొనను ఇంజిన్ గదిలో ఎత్తున కట్టడం. బావగారి బండికి రెండు ఇరుసులకూ, ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ అలాగే గొట్టాలు వేయించాం.

నీళ్ళు చేరాయో లేదో తెలుసుకోవడానికి బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు కనుక అడుగుకు చేరతాయి. తెల్లవారాక డ్రెయిన్ బోల్టును రెండు మరలు వదులు చేస్తే ముందు నీటి చుక్కలు పడతాయి. బండి తిరిగి ఆయిలూ నీళ్ళూ కలిసిపోయి ఉంటే, ఫిల్లర్ రంధ్రంలో వేలుపెట్టి చూస్తే ఆయిల్ తెల్లబారి కనిపిస్తుంది. అలాంటప్పుడు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల గడువుతో పని లేదు, వెంటనే మార్చాలి. ఎల్ఎస్‌డీ ఉన్న ఇరుసులో రెండుసార్లు మార్చాలి. మొదటిసారి చవక జీఎల్-5తో కడిగి వంచేయవచ్చు, రెండోసారి మాత్రం ఎల్ఎస్ ఆయిలే. మాడిఫయర్ కూడా పాత ఆయిల్‌తోపాటే పోతుంది కనుక ప్రతి మార్పుకూ అది కొత్తగా రావాలి. ఇది వచ్చే ఏడాది వేరే ఊళ్ళో వేరే మేస్త్రీకి తెలియదు. వెనుక ఇరుసు ఫిల్లర్ బోల్టు పక్కన ఎల్ఎస్ జీఎల్-5 అని, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఏటీఎఫ్ అని తెల్ల రంగుతో రాయించాం.